న్యూయార్క్ మారథాన్: సెలవులు పరుగుకు ముందే ఎందుకు వాడుకోవాలి?

మా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉండే మిత్రుడొకరు యాభై దాటిన వయసులో న్యూయార్క్ మారథాన్‌కు వెళ్లారు. బ్యాంకు ఉద్యోగం, పదేళ్లుగా క్రమం తప్పని పరుగు, రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచే అలవాటు. బయలుదేరే ముందు నా దగ్గరకు వచ్చి, "డాక్టరుగారూ, అక్కడికీ ఇక్కడికీ దాదాపు పది గంటల తేడా కదా, నేనేం చేయాలి?" అని అడిగారు. "మీ క్రమశిక్షణే మీకు రక్ష. రోజూ లేచే వేళకే లేవండి. విమానం దిగగానే వెలుతురులో బాగా తిరగండి. రాత్రి అక్కడి వాళ్లతో పాటు పడుకోండి" అని చెప్పి పంపాను. ఆ సలహా తప్పు. అది తప్పని తెలుసుకోవడానికి నాకు ఆయన అనుభవం కావలసి వచ్చింది.

ఆయన శుక్రవారం మధ్యాహ్నం దిగారు. సాయంత్రం ఏడు దాకా పరుగు సంఖ్య ఇచ్చే ప్రదర్శనశాలలో, ప్రకాశవంతమైన దీపాల కింద తిరిగారు. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు పడుకున్నారు గానీ కన్ను మూతపడలేదు. మరునాడు ముప్పయ్యో కిలోమీటరు దాటేసరికి నడక మొదలైంది. గుండెలో గానీ కాళ్లలో గానీ ఏ లోపమూ లేదు. "మొదటి మైలు నుంచే ఇరవయ్యో మైలులో ఉన్నట్టు అనిపించింది" అన్నారు తిరిగి వచ్చాక.

ఎక్కడ పొరపాటు జరిగిందో చూద్దాం. మన మెదడులో, హైపోథాలమస్ అనే భాగంలో, ఒక జీవగడియారం ఉంది. నిద్ర, ఆకలి, శరీర ఉష్ణోగ్రత, హార్మోన్లు దాని లయను అనుసరిస్తాయి. శరీర ఉష్ణోగ్రత రోజులో ఒకసారి అన్నిటికంటే తక్కువ స్థాయికి దిగుతుంది. చాలామందిలో అది మామూలుగా మెలకువ వచ్చే వేళకు రెండు, మూడు గంటల ముందు జరుగుతుంది. ఈ వ్యాసంలో దానిని కనిష్ఠ ఘడియ అంటాను. జెట్ ల్యాగ్ గురించి తెలుసుకోవలసినది ప్రధానంగా ఈ ఒక్క ఘడియనే.

కారణం ఏమిటంటే, గడియారాన్ని జరిపే ప్రధాన శక్తి వెలుతురు. అది ఎటు జరుపుతుందన్నది ఈ ఘడియను బట్టి ఉంటుంది. కనిష్ఠ ఘడియకు ముందు కొన్ని గంటల్లో కంటికి బలమైన వెలుతురు తగిలితే గడియారం వెనక్కు జరుగుతుంది. అంటే మరునాడు నిద్ర ఆలస్యంగా వస్తుంది, మెలకువా ఆలస్యమవుతుంది. ఆ ఘడియ దాటిన తరువాతి గంటల్లో తగిలితే ముందుకు జరుగుతుంది, అంటే నిద్రా మెలకువా త్వరపడతాయి. ఆ వెలుతురు ఉదయపుదా సాయంత్రపుదా అన్న ప్రశ్న శరీరానికి లేదు.

ఇప్పుడు మిత్రుని లెక్క చూడండి. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుని నాలుగున్నరకు లేచే మనిషికి కనిష్ఠ ఘడియ దాదాపు రెండు గంటలకు వస్తుంది. అక్టోబరు చివర న్యూయార్క్ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనుక ఉంటుంది. మన తెల్లవారుజామున రెండు అక్కడ ముందురోజు సాయంత్రం నాలుగున్నర. ఆ తరువాత తగిలే బలమైన వెలుతురు ఆయన గడియారాన్ని ముందుకు తోస్తుంది. ఆయన వెళ్లవలసిన దారి వెనక్కు. వెనక్కు జరగాలంటే తొమ్మిదిన్నర గంటలు, ముందుకు జరిగి అక్కడికి చేరాలంటే పద్నాలుగున్నర. పైగా మనిషి జీవగడియారం సహజంగానే 24 గంటలకు కొద్ది నిమిషాలు ఎక్కువగా నడుస్తుంది గనుక వెనక్కు జరగడమే దానికి సులువు. వెలుతురులో బాగా తిరగమని చెప్పిన నేను, ఆ వెలుతురు ఏ వేళదో చెప్పలేదు. ఆయన ఆ శుక్రవారం సాయంత్రం దీపాల కింద తిరిగింది సరిగ్గా తప్పు వేళలో.

శనివారం రాత్రి నిద్ర ఎందుకు రాలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. అక్కడ శనివారం రాత్రి ఎనిమిది అంటే హైదరాబాదులో ఆదివారం ఉదయం ఐదున్నర. పదేళ్లుగా ఆ మనిషి ఆ వేళకు బూట్లు తొడుక్కుని రోడ్డు మీద ఉంటారు. ఇరవై రోజుల శ్రమ వెనకేసుకు వచ్చినా ఆ వేళకు ఆ శరీరం నిద్రపోదు. నేను మెచ్చుకున్న క్రమశిక్షణే ఆయనకు అడ్డుపడింది.

ఇక ఈ వ్యాసంలో నా అభిప్రాయం. మనవాళ్లు పది, పన్నెండు రోజులు సెలవు పెట్టి ఈ పరుగుకు వెళ్తారు. లక్షలు ఖర్చవుతాయి. కానీ పరుగుకు రెండు రోజుల ముందు దిగి, మిగిలిన వారమంతా పిల్లల ఇంట్లోనో, నయాగరా దగ్గరో గడుపుతారు. ఈ క్రమాన్ని తిరగేయాలి. పరుగు ఆదివారం గనుక మంగళవారానికే దిగాలి. అయిదు రాత్రులు దొరకాలి. "అయిదు రాత్రుల్లో తొమ్మిదిన్నర గంటలు సర్దుకుంటుందా, గడియారం రోజుకు గంట, గంటన్నరకు మించి జరగదు కదా" అని మీరు అడగవచ్చు. పూర్తిగా సర్దుకోదు. పూర్తిగా సర్దుకోవలసిన అవసరమూ లేదన్నదే నేను ఆలస్యంగా గ్రహించిన విషయం.

న్యూయార్క్ మారథాన్ ఉదయం మామూలు ఉదయం కాదు. పరుగు స్టాటెన్ ఐలండ్‌లో, వెరజానో వంతెన దగ్గర మొదలవుతుంది. పరుగెత్తేవారు చీకటి ఉండగానే లేచి, బస్సులోనో ఫెర్రీలోనో అక్కడికి చేరి, చలిలో గంటల తరబడి వేచి ఉంటారు. తొమ్మిది దాటాక మొదలుపెట్టి పదకొండున్నర వరకు జట్లు జట్లుగా వదులుతారు. అంటే ఆ రోజు నాలుగింటికి హాయిగా మెలకువ రాగల శరీరం కావాలి. రాత్రి పదకొండుకు పడుకుని ఏడింటికి లేచే అసలు న్యూయార్క్ వాసికే ఆ పొద్దున కష్టం. సగం దారిలో ఉన్న మన గడియారం అక్కడ మనకు మేలే చేస్తుంది. కనిష్ఠ ఘడియ అర్ధరాత్రి ప్రాంతానికి చేరితే చాలు. సాయంత్రం నాలుగున్నర నుంచి అర్ధరాత్రికి ఏడున్నర గంటలు. అందులో మూడు గంటలు ఇంట్లోనే జరపవచ్చు. మిగిలిన నాలుగున్నరకు అయిదు రాత్రులు సరిపోతాయి.

ఇంట్లో జరిపే మూడు గంటలు మనవాళ్లకు మింగుడుపడవు. ఎందుకంటే అది ఆలస్యంగా పడుకుని ఆలస్యంగా లేవడం. పెద్ద పరుగుకు ముందు పొద్దెక్కే దాకా పడుకోమంటే మన పరుగు బృందాలలో నవ్వుతారు. అయినా చేయాలి. మా మిత్రుడు రెండేళ్ల తరువాత మళ్లీ వెళ్లినప్పుడు ఇలా చేశారు. మంగళవారం తెల్లవారుజామున విమానం. అంతకుముందు శుక్రవారం రాత్రి పదిన్నరకు పడుకుని అయిదున్నరకు లేచారు. శనివారం రాత్రి పదకొండున్నరకు పడుకుని ఆరున్నరకు, ఆదివారం రాత్రి పన్నెండున్నరకు పడుకుని సోమవారం ఏడున్నరకు లేచారు. పొద్దుపోయాక ఇంట్లో దీపాలన్నీ వేసుకుని కూర్చున్నారు. తెల్లవారాక గదికి మందపాటి తెరలు కట్టారు. హైదరాబాదులో ఆ రోజుల్లో ఆరుంపావుకే పొద్దు పొడుస్తుంది గనుక తెరలు లేకపోతే శ్రమ వృథా.

పరుగు ఎప్పుడని మీరడుగుతారు. ఆ వారంలో ఎలాగూ దూరాలు తగ్గించే ఉంటారు. ఉన్న కొద్దిపాటి పరుగును సాయంత్రం ఏడు, ఎనిమిది ప్రాంతానికి మార్చుకోవాలి. రాత్రి వ్యాయామం కూడా గడియారాన్ని కొంత వెనక్కు జరుపుతుంది. మరొక లాభం కూడా ఉంది. పరుగు రోజు అక్కడ ఉదయం పది గంటలంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర. మీ శరీరం ఏమాత్రం సర్దుకోకపోయినా, ఆ వేళకు పరుగెత్తడం దానికి కొత్త కాదు.

మూడు గంటలు జరిగాక ఆయన కనిష్ఠ ఘడియ మన కాలం ప్రకారం ఉదయం అయిదు. అది న్యూయార్క్‌లో సాయంత్రం ఏడున్నర. మొదటిసారి నాలుగున్నరకే గీసి ఉన్న గీత ఏడున్నరకు జరిగింది. ఇప్పుడు దిగిన మధ్యాహ్నం నుంచి ఏడున్నర దాకా దొరికే వెలుతురంతా ఆయన పక్షమే. అక్టోబరు చివర అక్కడ ఆరు లోపే పొద్దు గుంకుతుంది. కాబట్టి ఎండ ఉన్నంతసేపు బయట ఉండి, చీకటి పడ్డాక కాసేపు దీపాల వెలుగులో గడిపి, ఏడున్నర తరువాత మసకగా ఉన్న గదిలోకి చేరితే లెక్క సరిపోతుంది.

ప్రయాణంలోనూ అదే సూత్రం. ఎక్కగానే చేతిగడియారాన్ని న్యూయార్క్ వేళకు తిప్పి, దాన్ని బట్టి నిద్రపొమ్మంటారు చాలామంది. నేను ఒప్పుకోను. విమానంలో శరీరం ఇంకా హైదరాబాదులోనే ఉంటుంది. మా మిత్రుడు గల్ఫ్ మీదుగా వెళ్లారు. హైదరాబాదులో తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరే దాకా విమానాశ్రయం వెలుతురులో మెలకువగా ఉన్నారు, అది కనిష్ఠ ఘడియకు ముందు గనుక మంచిదే. మధ్యలో దిగినప్పుడు మన కాలం ఉదయం ఏడు, ఎనిమిది. ఇది వద్దనుకునే వెలుతురు. నల్లకళ్లద్దాలు పెట్టుకున్నారు. రెండో విమానంలో ఎక్కగానే కళ్లకు పట్టీ కట్టుకుని మన మధ్యాహ్నం మూడు దాకా పడుకున్నారు. ఆ తరువాత నిద్రపోలేదు. న్యూయార్క్‌లో దిగేసరికి అక్కడ మధ్యాహ్నం రెండున్నర, శరీరానికి అర్ధరాత్రి.

ఆ మొదటి సాయంత్రమే అన్నిటికంటే కష్టం. నాలుగు, అయిదు గంటల మధ్య కళ్లు వాలిపోతాయి. హోటలు మంచం పిలుస్తుంది. "ఒక్క అరగంట" అని వాలితే రాత్రి పదికి లేస్తారు, ఆపైన తెల్లవార్లూ జాగరణే. ఆ రెండు గంటలూ గదిలోకి వెళ్లకుండా బయట నడవండి. ఎవరైనా తోడుంటే మంచిది. తొమ్మిదింటికి పడుకోండి. రెండు, మూడు గంటలకు మెలకువ వస్తే కంగారు పడకండి, అది మీ శరీరానికి మధ్యాహ్నం. దీపం వేయకండి, ఫోను తీయకండి. ఆ వేళ బలమైన వెలుతురు మళ్లీ తప్పు దిక్కుకే తోస్తుంది. నిద్ర రాకపోయినా చీకట్లో పడుకుని ఉండండి. బుధ, గురువారాలలో చిన్నపాటి పరుగు ఉంటే అది ఉదయం కాక మధ్యాహ్నం మూడు తరువాత పెట్టుకోండి, సెంట్రల్ పార్కులో పరుగూ ఎండా ఒకేసారి దొరుకుతాయి. రాత్రుల్లో గీత రోజుకు గంట చొప్పున వెనక్కు జరుగుతూ పోతుంది గనుక గురువారం నుంచి రాత్రి దీపాల గురించి అంత పట్టించుకోనక్కరలేదు.

మెలటోనిన్ గురించి చాలామంది అడుగుతారు. దిగిన తరువాత మొదటి మూడు, నాలుగు రాత్రులు పడుకునే ముందు అర మిల్లీగ్రాము నుంచి మూడు మిల్లీగ్రాముల వరకు వేసుకోవచ్చు. ఈ దిక్కు ప్రయాణంలో ఆ వేళ శరీరానికి ఉదయం గనుక, అది గడియారాన్ని మనకు కావలసిన వైపుకే జరుపుతుంది. ఇంట్లో ఒకసారి వేసుకుని చూడకుండా అక్కడ మొదటిసారి వాడకండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు తమ వైద్యుణ్ని అడగకుండా వేసుకోకూడదు. విమానంలో నిద్రమాత్రలకు మాత్రం నేను వ్యతిరేకిని. మాత్ర వేసుకుని పద్నాలుగు గంటల ప్రయాణంలో కదలకుండా పడి ఉంటే పిక్కల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. దానికి మద్యం తోడైతే చెప్పనక్కరలేదు. ప్రయాణం తరువాత ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే అది కండరాల నొప్పి అని తోసేయకుండా ముందు వైద్యునికి చూపించండి.

కడుపు సంగతి సున్నితమైనదైనా చెప్పాలి. పరుగెత్తేవారికి ప్రారంభానికి ముందు కాలకృత్యం తీరడం ఎంత ముఖ్యమో వారికే తెలుసు. పేగులకు సొంత లయ ఉంది. ఇక్కడ ఉదయం అయిదుకు అలవాటైన శరీరానికి అక్కడ సాయంత్రం ఏడున్నరకు ఆ కోరిక కలుగుతుంది, పొద్దున కలగదు. పేగులు భోజన వేళలను బట్టి సర్దుకుంటాయి. అందుకని బుధవారం నుంచే, ఆకలి లేకపోయినా, తెల్లవారగానే ఏదో ఒకటి తినండి. అర్ధరాత్రి ఆకలేస్తే మాత్రం నీళ్లతో సరిపెట్టుకోండి. మధుమేహులకు ఈ సలహా వర్తించదు. ఇన్సులిన్ తీసుకునేవారు, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు వాడేవారు మోతాదుల వేళలను ప్రయాణానికి ముందే తమ వైద్యునితో కూర్చుని కాగితం మీద రాయించుకోవాలి. పది గంటల తేడాను సొంత ఊహతో సర్దుకోబోయి, మోతాదులు దగ్గర పడి, చక్కెర పడిపోతే పరుగు దాకా కూడా వెళ్లరు.

సర్దుకుంటున్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది? సాయంత్రపు మగత వేళను గమనించండి. మంగళవారం నాలుగింటికి వచ్చిన మగత గురువారానికి ఏడు, ఎనిమిదికి జరిగితే గడియారం సరైన దిక్కున కదులుతున్నట్టే. రాత్రి మెలకువ రెండు నుంచి నాలుగుకు జరగాలి. పొద్దున ఆకలి పుట్టాలి. లేవగానే చూసుకునే నాడి, ఇంట్లో ఉండే సంఖ్యకు దగ్గరగా రావాలి. అలా కాక మగత రోజురోజుకు ముందుకు వస్తూ మధ్యాహ్నం రెండుకు చేరితే, వెలుతురు తప్పు వేళలో తగులుతున్నదన్నమాట. రాత్రి తొమ్మిది తరువాత గదిలో ఏం చేస్తున్నారో చూసుకోండి. చాలావరకు హైదరాబాదుతో వీడియో కాల్సే కారణం. అక్కడ రాత్రి తొమ్మిది అంటే ఇక్కడ ఇంటిల్లిపాదికీ ఉదయం ఆరున్నర, అందరూ తీరికగా మాట్లాడే వేళ.

"డాక్టరుగారూ, నాకు అయిదు రోజులు దొరకవు, శుక్రవారమే దిగుతాను" అనేవారూ ఉంటారు. వారికి వేరే మాట చెబుతాను. సర్దుకునే ప్రయత్నం చేయకండి. ఇంట్లో మూడు గంటలు జరపడం మాత్రం తప్పనిసరి. అప్పుడు అక్కడ మీ శరీరపు రాత్రి మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పది దాకా ఉంటుంది. శనివారం పరుగు సంఖ్య పనులన్నీ పొద్దున్నే ముగించి, సాయంత్రం నాలుగున్నర, అయిదుకే తెరలు వేసుకుని పడుకోండి. పదికో పదకొండుకో మెలకువ వచ్చినా అప్పటికి అయిదారు గంటల నిద్ర దక్కి ఉంటుంది. పరుగు వేళ ఎలాగూ శరీరానికి సాయంకాలమే. మా మిత్రుడు మొదటిసారి చేసినట్టు ఎనిమిదిన్నర దాకా ఆగి పడుకుంటే ఆ నిద్రా పోతుంది. ఒకవేళ ఏమీ నిద్ర పట్టకపోతే, ఒక్క రాత్రి జాగరణ గుండె బలాన్నీ కాలి బలాన్నీ హరించదు. అదే వేగం ఎక్కువ శ్రమగా తోస్తుంది, అంతే. కాబట్టి మొదటి పది కిలోమీటర్లు గడియారం చూసి కాక, శ్వాసను చూసుకుని నిదానంగా పరుగెత్తండి.

ఈ పరుగుకు ఇంకొక విచిత్రం ఉంది. మారథాన్ నవంబరు మొదటి ఆదివారం జరుగుతుంది. అమెరికాలో వేసవి కాలమానం ముగిసే రోజు కూడా, 2007 నుంచి, నవంబరు మొదటి ఆదివారమే. ఆ తెల్లవారుజామున రెండు గంటలకు గడియారాన్ని ఒంటిగంటకు తిప్పుతారు. మనతో తేడా తొమ్మిదిన్నర నుంచి పదిన్నర అవుతుంది. పరుగెత్తేవారికి ఇది ఒక గంట అదనపు నిద్ర. శనివారం ఎనిమిదిన్నరకు పడుకుని ఆదివారం నాలుగింటికి లేస్తే ఏడున్నర గంటలు కాదు, ఎనిమిదిన్నర. వెనక్కు జరగవలసిన మన గడియారానికి కూడా ఆ గంట అనుకూలమే.

ఫోను తనంతట తానే ఈ మార్పు చేసుకుంటుంది. హోటలు మంచం పక్కన ఉండే గడియారం చేసుకోకపోవచ్చు. మా మిత్రుడు రెండోసారి వెళ్లినప్పుడు శనివారం సాయంత్రం ఆ గడియారం తీగ పీకి, గోడవైపు తిప్పి పెట్టి, ఫోనులో ఒకటి, చేతిగడియారంలో ఒకటి అలారం పెట్టుకున్నారు. చేతిగడియారం పాత కాలంలోనే ఉండిపోయింది గనుక అది గంట ముందే మోగింది. దాన్ని ఆపేసి మళ్లీ పడుకుని, ఫోను మోగాక లేచారట. ఇక్కడ ఆయన భార్య కూడా పాత లెక్కనే రాత్రి ఏడున్నరకు టీవీ ముందు కూర్చుని, గంటసేపు ఎదురుచూసి, ఏమైందోనని నాకు ఫోన్ చేశారు.